తారు షీటు మీద నా కోపం: లీకేజీ ఎక్కడో చెప్పదు

హైదరాబాద్ మల్కాజిగిరిలో మా ఇల్లు పాతది. కింద ఒక వాటా, పైన ఒక వాటా. 2017లో ఇంటి మీద మూడు చోట్ల మూడు రకాల వాటర్‌ప్రూఫింగ్ చేయించాం. పెద్ద డాబాకు తారు షీటు, పోర్టికో స్లాబుకు సిమెంట్ కోటింగ్, మెట్ల గది పైకప్పుకు తెల్లటి పాలిమర్ పెయింట్. మూడూ ఒకే ఎండకు ఎండి, ఒకే వానకు తడిశాయి కాబట్టి ఏది ఎలా ముసలిదవుతుందో పక్కపక్కనే చూశాను. ఇందులో ఎక్కువ భాగం షీటు గురించే రాస్తున్నాను. నన్ను బాగా ఏడిపించింది అదే.

మొదట్లో షీటు చాలా బాగా పనిచేసింది. కింద చుక్క పడలేదు, సీలింగు మీద పాత మరకలు కూడా ఎండిపోయాయి. అడిగిన ప్రతివాళ్లకూ షీటే వేయించుకోమన్నాను. డాబా మీద అక్కడక్కడా అప్పడం పొంగినట్టు బుడగలు లేచినా, కింద పొడిగా ఉంది కాబట్టి కాంట్రాక్టర్ మాట నమ్మాం. ఎండకు అలాగే లేస్తాయి, ఏం కాదు అన్నాడు. ఆ బుడగలు ఎందుకు వచ్చాయో తర్వాత తెలిసింది. గాలివాన పడిన మర్నాడే, పైన ఆరినట్టు కనిపించగానే షీటు పరిచేశారు. మా స్లాబు మీద వాలు కోసం వేసిన ఇటుక ముక్కల పొర ఉంది. అది లోపల తడి పట్టుకునే ఉంది. ఎండాకాలంలో ఆ తడి ఆవిరై, బయటికి దారిలేక షీటును పైకి నెట్టింది. అంటే ఆ మేరకు షీటుకూ నేలకూ మధ్య అతుకు లేదు, ఖాళీ ఉంది.

2020 అక్టోబర్‌లో నగరమంతా మునిగిన వాన గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి హాల్లో ఫ్యాను రాడ్డు పక్క నుంచి నీళ్లు కారాయి. తెల్లారి పైకెక్కి చూస్తే ఫ్యానుకు సరిగ్గా పైన షీటు చెక్కుచెదరలేదు. చిన్న చిరుగు కూడా లేదు. కాంట్రాక్టర్ మనిషిని పంపి ఆ చోటు మీద ఇంకో ముక్క అతికించాడు. మళ్లీ వాన పడగానే మళ్లీ అక్కడే కారింది. ఇంకో విషయం, వాన ఆగి రోజులు గడిచినా చుక్కలు ఆగేవి కావు. అలా కారుతుంటే నీళ్లు నేరుగా రావడం లేదని, పైన ఎక్కడో నిల్వ ఉండి దిగుతున్నాయని అర్థం. ఆ ఇటుక పొరంతా నానిపోయి ఉందన్నమాట.

చివరికి వేరే మేస్త్రీని పిలిచాం. ఆయన షీటు వైపు చూడకుండా ముందు పిట్టగోడ చుట్టూ తిరిగాడు. “నీళ్లు కింద ఎక్కడ కారుతున్నయో పైన అక్కడే దిగుతున్నయనుకోకు సార్. షీటు కింద ఎటైనా పోతయి” అన్నాడు. డాబాను ఇసుక, సిమెంట్‌తో చిన్న చిన్న గట్లు కట్టి భాగాలుగా విడగొట్టాడు. ఒక్కో భాగంలో రెండంగుళాల నీళ్లు నింపి, ఒక రోజంతా ఉంచి, కింద చూసి, తర్వాతి భాగానికి వెళ్లేవాడు. ఫ్యాను పైనున్న భాగం నింపితే ఏమీ కాలేదు. పడమటి పిట్టగోడ పక్క భాగం నింపి, గోడ మీద కూడా నీళ్లు పోసిన మర్నాడు సాయంత్రం హాల్లో చుక్క పడింది. ఆ గోడ ఫ్యానుకు పన్నెండు అడుగుల దూరంలో ఉంది.

అక్కడ షీటును గోడ మీదికి ఒక జానెడు ఎక్కించి, పైఅంచును పాత ప్లాస్టరుకు వట్టిగా అతికించి వదిలేశారు. ప్లాస్టరులో గాడి కొట్టి, అంచును లోపలికి దోపి, పైన మాల్ పూయాలి. నేలా గోడా కలిసే మూలను కూడా ముందు గుండ్రంగా పూడ్చాలి. లేకపోతే షీటు మడత దగ్గర ఖాళీ మిగులుతుంది. ఇవేవీ చేయలేదు. ఏళ్ల ఎండకు తారు గట్టిపడి, సాగే గుణం పోయి, పైఅంచు గోడను వదిలేసింది. గోడ మీద జారిన నీళ్లు ఆ సందులో దూరి, బుడగల కింద ఖాళీల్లో నడుచుకుంటూ ఫ్యాను దాకా వచ్చాయి. దూరం నుంచి ఆ సందు కనిపించదు. అంచు కిందికి వేలు పెట్టి లేపితేనే తెలుస్తుంది.

షీటు తీయడం ఇంకో కష్టం. ఎండాకాలంలో అది జిగురులా సాగుతుంది కాబట్టి 2021 జనవరిలో, చలికి పెళుసుగా ఉన్నప్పుడు పొద్దున్నే చెక్కించాం. అయినా తారు పొర నేలకు అంటుకునే ఉంది. దాని మీద సిమెంట్ కోటింగ్ పట్టదు. మిషన్‌తో గీకించి, వాలు సరిచేస్తూ కొత్తగా ప్లాస్టరింగ్ చేయించాల్సి వచ్చింది. షీటు వేయించేటప్పుడు ఈ ఖర్చు గురించి మాకు ఎవరూ చెప్పలేదు.

పోర్టికో మీది సిమెంట్ కోటింగ్ అలా కాదు. పొడి, పాలలాంటి ద్రావణం కలిపి, నేలను తడిపి, ఒక కోటు నిలువుగా, రెండోది అడ్డంగా బ్రష్‌తో వేశారు. దానికి సాగే గుణం తక్కువ. రెండు మూడు వేసవులకే సాలెగూడులా సన్నటి చీలికలు కనిపించాయి. కింద స్లాబులో పగులు ఉన్నచోట పైన కూడా గీత పడింది, చెమ్మ దిగింది. కానీ అది నేలకు పూర్తిగా అంటుకుని ఉంటుంది కాబట్టి నీళ్లు పక్కకు పాకవు. కారిన చోటుకు దాదాపు నేరుగా పైనే లోపం దొరికింది. వాన వెలిశాక డాబా ఆరుతున్నప్పుడు వెళ్లి చూడండి. అంతా తెల్లబడ్డాక కూడా పగులు మాత్రం నల్లటి గీతలా తడిగా ఉంటుంది. సుద్దముక్కతో గుర్తుపెట్టుకుని, అక్కడ గాడి కొట్టి నింపి, ఫైబర్ జాలీ వేసి రెండు కోట్లు కొడితే సరిపోయింది. పని ఒక్క పూటలో అయిపోయింది.

పాలిమర్ పెయింట్ గురించి తక్కువే చెప్తాను. తెలుపు వల్ల మెట్ల గదిలో వేడి తగ్గింది, అది మాత్రం నిజంగా ఆనందం. వాలు బాగున్న చోట ఇంకా గట్టిగానే ఉంది. అరచేత్తో రుద్దితే తెల్లటి పొడి అంటుతోంది కాబట్టి పొర పలుచబడుతోందని తెలుస్తుంది. ట్యాంకు నిండి పొర్లి నీళ్లు నిలిచే మూలలో మాత్రం మెత్తబడి, పొక్కి, పొరలుగా ఊడింది. నీళ్లు నిలిచే చోట దాన్ని ఒంటరిగా నమ్మను.

ఇప్పుడు పెద్ద డాబా మీద సిమెంట్ కోటింగ్, మూలల్లో జాలీ, పైన తెల్ల పెయింట్ ఉన్నాయి. ఇప్పటిదాకా హాలు పొడిగానే ఉంది. అయితే మాది సొంత ఇల్లు, ఎప్పుడంటే అప్పుడు పైకెక్కి చూసుకోగలం, నాలుగైదేళ్లకోసారి పెయింట్ మళ్లీ వేయించే ఓపిక ఉంది. ఏటా ఎవరూ పైకెక్కి చూడని అపార్ట్‌మెంటుకు, స్లాబు కొత్తగా కదులుతూ పగిలే ఇంటికి, బాగా ఆరిన నేల మీద, అంచులు గాడిలో దోపి వేసే మంచి మనిషి దొరికితే షీటే మేలు కావచ్చు. అలా వేసిన షీటు మా వీధిలోనే ఒక ఇంటి మీద ఇప్పటికీ బాగుంది. మీరు షీటే వేయించుకుంటే డబ్బు మొత్తం ఇచ్చే ముందు పిట్టగోడ చుట్టూ నడిచి, పైఅంచు గోడలోకి దూరిందో లేదో ఒక్కో మూలా చూడండి.