అమ్మ కాల్షియం సీసా: మూడేళ్లు వాడాక లేబుల్ గురించి నా సమీక్ష

మేం న్యూజెర్సీలో ఉంటాం. ఇక్కడి స్టోర్‌లో కొన్న ఒక "ఎముకల బలానికి" సప్లిమెంట్‌ని మా అమ్మ దాదాపు మూడేళ్లు వాడింది. గుంటూరు వెళ్లినప్పుడల్లా సూట్‌కేసులో రెండు సీసాలు తీసుకెళ్లేది. కంపెనీ పేరు వద్దు, ఇలాంటి లేబుల్ చాలా సీసాల మీద కనిపిస్తుంది.

ముందువైపు పెద్ద అక్షరాల్లో కాల్షియం 1000 మి.గ్రా. అని ఉంటుంది. సీసాలో 120 టాబ్లెట్లు. వెనక సప్లిమెంట్ ఫ్యాక్ట్స్ పెట్టెలో మొదటి వరుస చూస్తే సర్వింగ్ సైజ్ 4 టాబ్లెట్లు. అంటే ఆ 1000 నాలుగింటికీ కలిపి, ఒక్కోదానిలో 250. సీసా వచ్చేది నాలుగు నెలలు కాదు, నెల. "రోజుకు నాలుగా? ఇంతింత బిళ్లలు గొంతు దిగవే" అంది అమ్మ.

అంత పెద్దవిగా ఉండటానికి కారణం కూడా లేబుల్ మీదే ఉంది. కాల్షియం పక్కన "కాల్షియం సిట్రేట్ రూపంలో" అని రాశారు. సిట్రేట్‌లో అసలు కాల్షియం సుమారు 21 శాతమే, మామూలుగా దొరికే ఇంకో రూపం కార్బొనేట్‌లో 40 శాతం. 1000 మి.గ్రా. కాల్షియం కావాలంటే దాదాపు 4.7 గ్రాముల సిట్రేట్ పట్టాలి, ఒక టాబ్లెట్‌లో ఇమడదు. అయినా మాకు సిట్రేటే నచ్చింది. కార్బొనేట్‌ని తిండితో పాటే వేసుకోవాలి, దీనికి ఆ నియమం లేదు. ఎలాగూ ఒకేసారి 500 మి.గ్రా. దాటితే శరీరం కాల్షియంని అంత బాగా పీల్చుకోదు కాబట్టి నాలుగూ ఒక్కసారి మింగడంలో లాభం తక్కువ.

తర్వాతిది పర్సెంట్ డైలీ వాల్యూ, అంటే రోజుకి కావాల్సినదానిలో ఇది ఎంత శాతమో చెప్పే అంకె. కాల్షియం ఎదురుగా 77 శాతం అని ఉంది. "అయితే ఇంకా 23 తక్కువ పడిందన్నమాట" అంది అమ్మ. అలా కాదు. అమెరికా లేబుల్‌లో కాల్షియానికి డైలీ వాల్యూ 1300 మి.గ్రా. నిజానికి అంత అవసరమయ్యేది టీనేజ్ పిల్లలకి. నాలుగేళ్లు దాటిన అందరికీ ఆ ఒక్క అంకెనే వాడతారు. యాభై దాటిన ఆడవాళ్లకి ఇక్కడ చెప్పేది 1200. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు పెద్దవాళ్లకి చెప్పేది 1000, ఆ లెక్కన ఇవే నాలుగు టాబ్లెట్లు నూటికి నూరు. అందుకే నేను శాతం కన్నా మి.గ్రా.లనే నమ్ముతాను. పైగా ఆ శాతంలో తిండి కలవదు. అమ్మ పాలు, పెరుగు కలిపి రోజుకు రెండు కప్పులు తీసుకుంటుంది, వాటిలోనే సుమారు 600 వస్తుంది. డాక్టర్‌తో మాట్లాడాక రెండు టాబ్లెట్లకి దిగాం. ఒకటి మధ్యాహ్నం, ఒకటి రాత్రి. తను పొద్దున థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. దానికీ కాల్షియానికీ నాలుగు గంటల ఎడం ఉండాలన్న మాట మాత్రం ఆ సీసా మీద ఎక్కడా లేదు.

నాకు అసలు కోపం తెప్పించింది కింది గీత తర్వాత ఉన్న భాగం. "బోన్ సపోర్ట్ ప్రొప్రయిటరీ బ్లెండ్, 300 మి.గ్రా." అంటే కంపెనీ సొంత మిశ్రమం. దాని కింద హార్స్‌టెయిల్, నెటిల్, అల్ఫాల్ఫా, వెదురు సారం, పసుపు అని ఐదు మొక్కల పేర్లు. డైలీ వాల్యూ చోట ఒక చిన్న గుర్తు, అంటే ప్రమాణం నిర్ణయించలేదని. ఏది ఎంతో చెప్పరు. చెప్పక్కర్లేదు కూడా, మొత్తం బరువు ఇస్తే చట్టానికి చాలు. కానీ పేర్లని బరువు తగ్గే వరుసలో రాయాలి. ఈ ఒక్క నియమంతో కొంత బయటికి లాగొచ్చు. ఐదో పేరు మిగతా నాలుగింటిలో దేనికన్నా ఎక్కువ ఉండకూడదు కాబట్టి 300ని ఐదుతో భాగిస్తే వచ్చే 60 మి.గ్రా. దాని గరిష్ఠం. కనిష్ఠం ఎంతైనా కావచ్చు, ఒక మి.గ్రా. అయినా సరే. సీసా ముందు నిండా పసుపు కొమ్ముల బొమ్మ ఉంది! అమ్మ రెండు టాబ్లెట్లకి మహా అయితే 30 మి.గ్రా. పసుపు. పప్పులో వేసే పావు చెంచా పసుపే అర గ్రాము దాటుతుంది.

పసుపు తక్కువైతే నష్టం డబ్బుకే. మిగతావాటితో ఇబ్బంది వేరు. అల్ఫాల్ఫాలో విటమిన్ కె ఉంటుంది, రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లకి అది పనికిరాదు. డాక్టర్ "ఇందులో ఎంతుంది?" అని అడిగితే సీసా చూపించి కూడా జవాబు చెప్పలేం.

ఇక లేబుల్ మీద రాసినంతా లోపల ఉందా అన్నది లేబుల్ చదివి తేలదు. అమెరికాలో సప్లిమెంట్లని అమ్మకానికి ముందు ఆహారం, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షించి అనుమతించదు. యూఎస్‌పీ వెరిఫైడ్ గుర్తు ఉంటే బయటి సంస్థ పరీక్షించిందని అర్థం. ఈ సీసాకి అది లేదు.

కడుపు ఇబ్బంది రాలేదు, టాబ్లెట్లు విరగలేదు, కాల్షియం రూపం మంచిది. వీటికి ఐదులో రెండు నక్షత్రాలు. మిగతా మూడూ ఆ బ్లెండ్‌కి, ముందువైపు 1000 అంకెకి పోయాయి. ఇప్పుడు అమ్మకి కొంటున్నది కాల్షియం సిట్రేట్, విటమిన్ డి మాత్రమే ఉన్న, యూఎస్‌పీ గుర్తున్న సీసా. సర్వింగ్ రెండు టాబ్లెట్లు, కాల్షియం 500.