ఏఐ చాట్‌తో ఏడాదిన్నర అనువాదాలు: పాత చాట్ ఎప్పుడు వదిలేయాలి

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి, ఎక్కువగా రైతులకిచ్చే చిన్న పుస్తకాల అనువాదానికి ఏడాదిన్నరగా ఏఐ చాట్ వాడుతున్నాను. చిత్తుప్రతి వరకు బాగా పనికొస్తుంది, నాకు రోజుకు రెండు మూడు గంటలు మిగులుతాయి. ఇబ్బందల్లా ఒకే చాట్‌ను రోజుల తరబడి లాగినప్పుడే. అది నాకు అర్థమైంది డ్రిప్ పుస్తకం దగ్గర.

బిందు సేద్యం మీద 42 పేజీల పుస్తకం. మొదటి మెసేజ్‌లోనే నియమాలు పెట్టాను: డ్రిప్పర్, లేటరల్, సబ్‌మెయిన్ అని రైతులు అనే మాటలే ఉంచాలి, "చేయండి" అని రాయాలి తప్ప "చేయవలెను" అనకూడదు, ఒక్క వాక్యం కూడా వదలకూడదు. పదిహేడో పేజీ దాకా దాదాపు దిద్దే పని లేకుండా వచ్చింది. ఆ తర్వాత ఒక చోట డ్రిప్పర్ కాస్తా "ఉద్గారిణి" అయింది. దిద్దాను, క్షమాపణ చెప్పి మార్చింది, రెండు పేజీల తర్వాత మళ్లీ అదే మాట. నేను ఇప్పుడు చూసే మొదటి గుర్తు ఇదే. తప్పు రావడం మామూలే, కానీ దిద్దిన తప్పు తిరిగొచ్చిందంటే మనం మొదట్లో చెప్పింది దాని మీద పట్టు కోల్పోతోందని.

రెండోది దీనికన్నా ప్రమాదం, ఎందుకంటే చదువుతుంటే కనిపించదు. లేటరల్ పైపుల్లో ఉప్పు పేరుకుంటే యాసిడ్‌తో శుభ్రం చేసే పేజీలో, యాసిడ్‌నే నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో పోయకూడదు అనే వాక్యం మాయమైంది. తెలుగు మాత్రం సాఫీగా ఉంది, పేరా ఎక్కడా తెగినట్టు లేదు. మూలం పక్కన పెట్టుకుని వాక్యాలు లెక్కపెడితే పదకొండుకు తొమ్మిదే ఉన్నాయి. పుస్తకం అలాగే అచ్చయితే ఏ రైతు చేతి మీద యాసిడ్ చిందేదో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ప్రతి ఐదు పేజీలకు ఒక పేరా తీసుకుని వాక్యాలు లెక్కపెడుతున్నాను.

నియమాలు గుర్తున్నాయో లేదో దాన్నే అడిగి చూడటం నాకు పనిచేయలేదు. అడిగితే అన్నీ వరసగా అప్పజెప్పింది, కింద పేరాలోనే వాటిని తప్పింది. నమ్మదగ్గ పరీక్ష ఒక్కటే: అనుమానం వచ్చిన పేరాను, అవే నియమాలతో, కొత్త చాట్‌లో ఇచ్చి రెండూ పక్కపక్కన పెట్టి చూడటం. కొత్తదానిలో బాగా వస్తే పాతది మూసేయాల్సిందే. కొత్తదానిలోనూ అదే తప్పు వస్తే లోపం చాట్ పొడవులో లేదు, మనం అడిగిన తీరులోనో ఆ పేరాలోనో ఉంది, చాట్ మార్చి లాభం లేదు.

కారణం మరీ రహస్యమేమీ కాదు. ప్రతి జవాబుకీ ఏఐ అప్పటిదాకా జరిగిన సంభాషణను టోకెన్లనే ముక్కలుగా మళ్లీ చదువుకుంటుంది, దానికో పరిమితి ఉంటుంది. అదే విషయం తెలుగులో రాస్తే సాధారణంగా ఇంగ్లీషుకన్నా ఎక్కువ టోకెన్లు పడతాయి కాబట్టి మన చాట్లు త్వరగా నిండుతాయి. నిండాక కొన్ని టూల్స్ పాత మెసేజ్‌లను వదిలేస్తాయి, కొన్ని కుదించి పెట్టుకుంటాయి. నిండకముందే కూడా, పొడవైన పాఠంలో నడుమ ఉన్న సంగతుల్ని మోడళ్లు సరిగా వాడుకోలేకపోవచ్చని 2023లో వచ్చిన ఒక పరిశోధనా పత్రం చూపించింది. దీనికితోడు "ఉద్గారిణి" అని అది రాసిన పేజీలు, నేను దిద్దిన మెసేజ్‌లు అన్నీ ఆ చాట్‌లోనే ఉన్నాయి, అది తన తప్పుల్నే నమూనాగా తీసుకుంటుంది. అందుకే తప్పు కనబడగానే కింద ఇంకో దిద్దుబాటు రాయకుండా, వీలుంటే పై మెసేజ్‌నే ఎడిట్ చేసి మళ్లీ పంపుతాను, ఆ తప్పు సంభాషణలో మిగలదు.

మారేటప్పుడు మొదట్లో ఒక పొరపాటు చేశాను, పాత చాట్ చేతే సారాంశం రాయించి కొత్తదానిలో పెట్టాను. అందులో "ఉద్గారిణి" కూడా వచ్చేసింది! ఇప్పుడు సొంతంగా ఒక పేజీ రాసుకుంటాను: పదాల పట్టిక, నియమాలు, నేను దిద్ది ఖాయం చేసిన రెండు పేరాలు మూలంతో సహా, ఎక్కడ ఆపానో. ఆ రెండు పేరాలే అసలు బలం, శైలి గురించి ఎంత వివరించినా అవి చూపించినంత రాదు. డ్రిప్ పుస్తకంలో మిగిలిన పేజీలను ఇలాగే రెండు కొత్త చాట్లలో పూర్తి చేశాను, యాసిడ్ పేజీ మాత్రం మూలం దగ్గర పెట్టుకుని మొత్తం నేనే రాశాను.