మీడియా కిట్ చేయించుకునేవారికి హెచ్చరిక: నా 4,500 రూపాయలు ఎలా పోయాయంటే

నేను ఇన్‌స్టాగ్రామ్‌లో వంటల రీల్స్ చేస్తాను. ఫాలోవర్లు 18,000 మంది. బ్రాండ్లకు పంపడానికి నా పేజీ వివరాలు, అంకెలు చూపే మీడియా కిట్, దేనికెంత తీసుకుంటానో చెప్పే రేట్ కార్డు చేసిపెడతానన్న ఒకాయనకు 4,500 రూపాయలు కట్టాను. వచ్చిన పీడీఎఫ్ పెళ్లిపత్రికలా మెరిసిపోయింది. లోపలి అంకెలే నన్ను ముంచాయి.

అందులో ‘ఒక్కో రీల్‌కు సగటు వ్యూస్ 50,000’ అని ఉంది. లెక్క తప్పు కాదు, అదే చిక్కు. నా చివరి పది రీల్స్‌లో తొమ్మిదింటికి 6,000 నుంచి 11,000 లోపు వ్యూస్ వచ్చాయి, అన్నీ కలిపి 75,000. పదోది ఉలవచారు రీల్; ఎందుకో తెలియదు గానీ దానికి 4,25,000 వచ్చాయి. మొత్తం అయిదు లక్షలను పదితో భాగించి 50,000 అని వేశాడు. ఆ అంకెను చూపి రీల్‌కు 25,000 రూపాయలు అడగమన్నాడు. ఒక కుక్కర్ల కంపెనీ ఆసక్తి చూపి, ఏ రీల్‌కు ఎన్ని వ్యూస్ వచ్చాయో ఇన్‌స్టాగ్రామ్ చూపే ఇన్‌సైట్స్ స్క్రీన్‌షాట్లు పంపమంది. పంపాను. ‘మీ మామూలు రీల్‌కు పదివేలు కూడా రావడం లేదు కదండీ’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నారు. వ్యూస్‌ను చిన్న అంకె నుంచి పెద్ద అంకె వరకు వరుసగా రాసి మధ్యలో ఏముందో చూస్తే నా అసలు స్థాయి 8,500. కిట్‌లో ఉండాల్సింది అది. ఉలవచారు గురించి పక్కన విడిగా ఒక ముక్క రాస్తే సరిపోయేది.

రెండో దెబ్బ రేట్ కార్డుది. ‘రీల్ ఒకటి, అన్ని హక్కులతో’ అని ఒకే వరుస ఉంది. నేనూ చదివాను, మంచిమాటే అనుకున్నాను! బేరమాడి 6,000 రూపాయలకు ఒక గానుగ నూనెవాళ్లకు రీల్ చేశాను. వాళ్లు దాన్ని తమ పేజీలో పెట్టుకుని, డబ్బు కట్టి అయిదు నెలలు ప్రకటనగా నడిపారు. అదేమిటని అడిగితే నా రేట్ కార్డునే తిప్పి చూపించారు. ఆ అయిదు నెలల్లో ఇంకో నూనె కంపెనీ వచ్చింది. నా ముఖం అప్పటికే వేరే నూనె ప్రకటనలో కనబడుతోందని వెనక్కి తగ్గింది.

నా పేజీలో పెట్టడానికి ఒక ధర, వాళ్లు ప్రకటనగా వాడుకుంటే నెలకు ఇంత, పోటీ సరుకు ఒప్పుకోకూడదంటే అన్నాళ్లకు ఇంత అని మూడూ విడివిడిగా ఉండాలి. ఎన్నిసార్లు మార్పులు చేసిస్తామో కూడా రాయాలి. ఇవేవీ అతను నన్ను అడగలేదు. అడిగింది ఫొటోలు, ఇష్టమైన రంగులు. మీరు డబ్బు కట్టేముందు చూడాల్సింది ఇదే: ఇన్‌సైట్స్ చూపమని అడగనివాడు చేసేది అలంకారమే.

ఇంకొకటి. అంకెలు నెలనెలా మారతాయి కాబట్టి మార్చుకోగలిగే ఫైలు ఇమ్మన్నాను. ఇవ్వడట, మార్చిన ప్రతిసారీ 800 కట్టాలట. డబ్బు వెనక్కి అడిగితే, ‘డిజైన్ మీకు నచ్చింది కదా మేడమ్’ అన్నాడు.