కొత్త డొమైన్‌ను మెల్లగ వేడి చేసుడు: పది నెలలు చేసినంక నా మాట

మా బావది కొత్తవాడల దరీల వ్యాపారం. ఇన్నేండ్లు మామూలు జీమెయిల్ నుంచే కస్టమర్లకు మెయిళ్లు పెట్టేది, పోయిన ఏడు సొంత పేరు మీద డొమైన్ కొన్నడు, మెయిళ్ల పని నా నెత్తిన పడ్డది. లిస్టుల 14 వేల మంది, అందుల 12 వేలు జీమెయిలే. వార్మప్ అంటే కొత్త డొమైన్ నుంచి మొదలు కొన్ని మెయిళ్లే పంపి, రోజులు గడుస్తుంటే మెల్లగ పెంచుకుంట పోవుడు. అది నిజంగ పనిచేస్తదా అని అడిగేటోళ్ల కోసం రాస్తున్న. పనిచేస్తది, కాని ఒక్కరోజు ఆగలేకపోతే చేసిందంత పోతది, మాకు పోయింది.

మెయిల్ నిజంగ మా డొమైన్ నుంచే వచ్చిందని చూపెట్టే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు రికార్డులు డొమైన్‌కు పెట్టినంక నా జీమెయిల్‌కే ఒకటి పంపుకోని `Show original` నొక్కి చూసిన, మూడింటికి `PASS` ఉన్నది. ఇది గేటు పాస్ అంతే, లోపలికి పోయినంక కుర్చీ ఇస్తరా లేదా అన్నది వేరే లెక్క. కొత్త డొమైన్ గురించి జీమెయిల్‌కు ఏం తెల్వది, అందుకే కొన్ని మెయిళ్లు తీసుకోని జనం తెరుస్తున్నరా, స్పామ్ అని నొక్కుతున్నరా చూస్తది, నచ్చితే ఇంకొన్ని తీసుకుంటది.

మేం మొదటి రెండు రోజులు జీమెయిలోళ్లకు 40 చొప్పున పంపినం, అవి కూడ ఆ నెలల కొన్నోళ్లకే, ఎందుకంటె వాళ్లు మా పేరు చూస్తే తెరుస్తరు. తర్వాత ప్రతి రెండు రోజులకు ఒకటిన్నర రెట్లు: 60, 90, 135, 200 ఇట్ల. 18వ రోజుకు వెయ్యి. ఇక్కడ చాలమంది చేసే తప్పేందంటె మొత్తం లెక్క పెట్టుకుంటరు, కాని జీమెయిల్‌కు ఎన్ని, యాహూకు ఎన్ని అని వేర్వేరుగ చూడాలె, యాహూల నీకు మంచి పేరుంటే జీమెయిల్‌కు ఏం సంబంధం?

19వ రోజు బతుకమ్మ ఆఫర్. బావ "అన్నీ మంచిగనే పోతున్నయ్ గద, మొత్తం పంపరాదు బామ్మర్ది" అన్నడు, నేను మెత్తబడి 5,000 పెట్టిన. గంట మంచిగ పోయినయ్, తర్వాత మా సర్వర్ లాగ్‌ల జీమెయిల్ నుంచి వరుసగ ఇదే జవాబు:

```
421 4.7.28
```

నాలుగుతో మొదలైతే ఇప్పుడొద్దు తర్వాత రా అని, ఐదుతో అయితే ఇగ రాకు అని. సర్వర్ ఏమో ఆగకుండ మళ్లీ మళ్లీ పంపుతనే ఉన్నది, నిన్నటి మిగులు తెల్లారి కోటా మీద పడ్డది, నేను చూసుకోలే. తెరిచేటోళ్లు నూటికి 35 నుంచి 7కు పడిపోయిన్రు. మా ఇంట్లోళ్ల ఫోన్లల చూస్తే అన్నీ స్పామ్‌ల.

నన్ను మోసం చేసింది గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌ల స్పామ్ రేటు, అంటే మన మెయిళ్లను ఎంతమంది స్పామ్ అని నొక్కిన్రో జీమెయిల్ చూపెట్టే లెక్క. అది 0.0% చూపెట్టింది, నేను నిమ్మలంగ ఉన్న. తర్వాత అర్థమైంది, ఆ రేటు ఇన్‌బాక్స్‌ల పడ్డ మెయిళ్ల మీదనే లెక్క, మెయిల్ ముందే స్పామ్‌ల పడితే ఇగ స్పామ్ అని నొక్కేదెవరు? గూగుల్ 0.1% లోపల ఉంచమంటది, 0.3% దాకా అసలే పోనియ్యద్దు అంటది, సరే, కాని తెరిచేటోళ్లు తగ్గి స్పామ్ రేటు సున్నా ఉంటే అది మంచి సంగతి కాదు, చెడ్డది.

సర్వర్‌ల పోకుండ ఆగిన మెయిళ్ల క్యూ మొత్తం తీసేసి మూడు రోజులు బంద్ పెట్టినం. మళ్లీ 250తో మొదలు, నెల లోపల లింక్ నొక్కినోళ్లకే, వారం దాకా అంకె పెంచలే. వెయ్యికి తిరిగి రావడానికి మూడున్నర వారాలు పట్టింది, అప్పటికి బతుకమ్మ పోయింది, దసరా పోయింది.

ఇంకోటి, నుమాయిష్ స్టాల్‌ల చేతితో రాసుకున్న పాత రిజిస్టర్ నుంచి 200 మెయిళ్లు కలిపితే 23 వెనక్కొచ్చినయ్, `550 5.1.1`, అసలు అట్లాంటి ఖాతానే లేదని. ఆ రిజిస్టర్ పక్కన పెట్టేసినం. నడుమ పైసలు కట్టి ఒక ఆటోమేటిక్ వార్మప్ సర్వీస్ కూడ నెల వాడిన, వాళ్ల ఖాతాలే వాళ్ల మెయిళ్లు తెరుచుకుంటయ్, వాళ్ల తెర మీద మార్కులు మస్తు పెరిగినయ్ గని మా కస్టమర్ల దగ్గర ఏం మారలే, బంద్ చేసిన.

ఇప్పుడు జీమెయిల్‌కు రోజుకు 3,000 దగ్గర ఆపినం. పొద్దుగాల 300 పంపి రెండు గంటలు లాగ్ చూస్త, `421` లు నూటికి రెండు దాటితే ఆ రోజు అక్కడికే బంద్, మిగిలినవి రేపటి లెక్కల కలిపి రేపటివి తగ్గిస్త. ఈసారి బతుకమ్మ ఆఫర్ నాలుగు రోజులు ముందే మొదలుపెడతమని బావకు క్యాలెండర్ మీద గీత గీసి చూపెట్టిన, ఆయన ఇంకా గొణుగుతనే ఉన్నడు.