పికాసో తొందర, సెజాన్ ఆలస్యం

చిత్రకారుల వయసునూ వాళ్ల చిత్రాల వేలం ధరలనూ పక్కపక్కన పెట్టి చూసిన ఆర్థికవేత్త డేవిడ్ గాలెన్సన్. పికాసో ఇరవైల మధ్యలో వేసినవి అరవైల్లో వేసినవాటికన్నా సగటున నాలుగు రెట్లు పలికాయి. సెజాన్ విషయంలో లెక్క తలకిందులు: అరవైల్లో వేసినవి యౌవనంలో వేసినవాటికి దాదాపు పదిహేను రెట్లు.

తేడా పని తీరులో ఉంది. పికాసోకు ఆలోచన ముందే తయారు, కుంచె దాన్ని అమలు చేస్తుంది. పాత పద్ధతులు ఒంటబట్టకముందే అలాంటి తెగింపు సులువు. సెజాన్ వేస్తూ వెతికేవాడు. తన బొమ్మ కోసం 115 సార్లు కూర్చున్నానని, అయినా అది పూర్తి కాలేదని చిత్రాల వ్యాపారి వొలార్ చెప్పుకున్నాడు. 1895లో మొదటి సొంత ప్రదర్శన జరిగేనాటికి సెజాన్‌కు 56 ఏళ్లు. ఈ దారిలో ఆలస్యం లోపం కాదు, పనిలో భాగమే అంటాను. కాకపోతే అన్నేళ్లు పోషించేవాళ్లు కావాలి. ఆయనకు బ్యాంకరు తండ్రి ఉన్నాడు!

పరుగుపందెంలో ఈ రెండో దారి దాదాపు మూసుకుపోతుంది, కండరం అన్నేళ్లు ఆగదు. విజ్ఞానశాస్త్రంలో మాత్రం తెరిచే ఉంది: ఒక శాస్త్రవేత్త పత్రాల వరుసలో అత్యంత ప్రభావం చూపినది ఎక్కడైనా రావచ్చని 2016 నాటి అధ్యయనం తేల్చింది. యువకులు ముందున్నట్టు కనిపించేది ఎక్కువ పత్రాలు రాస్తారు గనుకనే.