ఐసీయూలో పోర్టబుల్ ఎక్స్‌రే: ఏప్రాన్ మేలా, దూరం మేలా?

"అన్నా, సీసం ఏప్రాన్ ఒక్కటే ఉంది. నేను వేసుకోనా, సిస్టర్‌కి ఇవ్వనా?" పోర్టబుల్ మెషిన్ తోసుకుంటూ ఐసీయూకి వెళ్లిన మొదటి వారంలో మా జూనియర్ అడిగిన మాట ఇది. వెంటిలేటర్ మీద ఉన్న పేషెంటుకు ఛాతీ ఎక్స్‌రే తీయాలి. గొట్టం కదలకుండా సిస్టర్ మంచం పక్కనే ఉండాలి.

ముందు ఒక విషయం. మనకు తగిలే రేడియేషన్‌లో ఎక్కువ భాగం ఎక్స్‌రే ట్యూబు నుంచి నేరుగా రాదు. పేషెంటు ఒంటికి తగిలి చెదిరి వస్తుంది. దీన్నే స్కాటర్ అంటాం. పేషెంటు ఒంటి మీద పడినదాంట్లో సుమారు వెయ్యో వంతు, పక్కకు ఒక మీటరు దూరంలో ఉంటుంది. ఆ మీటరు దగ్గర ఏప్రాన్ లేనివాడికి తగిలేదాన్ని 100 అనుకుందాం.

అక్కడే 0.25 మిల్లీమీటర్ల సీసానికి సమానమైన ఏప్రాన్ వేసుకుంటే, స్కాటర్‌లో పదింట తొమ్మిది వంతులు ఆగిపోతుంది. ఛాతీకి, పొట్టకి తగిలేది 10 దాకా తగ్గుతుంది. కానీ కళ్లకు, చేతులకు, థైరాయిడ్ షీల్డు లేకపోతే మెడకు పూర్తి 100 తగులుతుంది.

ఇప్పుడు ఏప్రాన్ లేకుండా దూరం జరగండి. దూరం రెట్టింపైతే డోసు నాలుగో వంతు అవుతుంది కాబట్టి రెండు మీటర్ల దగ్గర 25, మూడు మీటర్ల దగ్గర 11. అంటే ఏప్రాన్ వేసుకుని మంచం పక్కన నిలబడినా, ఏప్రాన్ లేకుండా మూడు మీటర్లు వెళ్లినా ఛాతీకి తగిలేది దాదాపు ఒకటే. తేడా ఏమిటంటే, దూరం కళ్లనూ చేతులనూ కూడా కాపాడుతుంది. ఏప్రాన్ మడత పెడితే లోపలి షీటు చిట్లుతుంది, బయటి బట్ట మీద ఏమీ కనిపించదు. దాన్ని పరిచి ఎక్స్‌రే తీస్తేనే పగుళ్లు తెలుస్తాయి. దూరానికి అలాంటి చిక్కు లేదు.

అందుకే ఏప్రాన్ ఒక్కటే ఉన్నప్పుడు అది సిస్టర్‌కి. ఆమె జరగలేదు, టెక్నీషియన్ జరగగలడు. స్విచ్ వైరు పూర్తిగా లాగి, కిరణం పడే వైపు కాకుండా పక్కకు నిలబడితే చాలు. ఇద్దరికీ ఏప్రాన్లు ఉంటే టెక్నీషియన్ వేసుకుని కూడా దూరం వెళ్లాలి. అప్పుడు ఛాతీకి తగిలేది 1 దగ్గరికి వస్తుంది. ఏప్రాన్ ఉంది కదా అని దగ్గర నిలబడటమే నేను ఎక్కువగా చూసే తప్పు.

మరి సమయం? ఎక్స్‌రేను వీడియోలా ఆగకుండా చూసే ఫ్లోరోస్కోపీలో, సీ-ఆర్మ్ మెషిన్ దగ్గర పెడల్ మీద కాలు ఎంతసేపు ఉంచారన్నదే లెక్క. ఛాతీ ఎక్స్‌రేలో ఎక్స్‌పోజరు రెప్పపాటు కూడా ఉండదు, మనం తొందరపడి మిగిల్చేదేమీ లేదు. అక్కడ సమయం అంటే రిపీటు. క్యాసెట్ పక్కకు జరిగిపోయి మళ్లీ తీస్తే అందరి డోసూ రెట్టింపే. బటన్ నొక్కే ముందు పొజిషన్ చూసుకోవడానికి పెట్టే అర నిమిషమే అసలు పొదుపు.

ఎక్స్‌రే రూములోనైతే పోలికే అక్కర్లేదు. 1.5 మిల్లీమీటర్ల సీసం బారియర్ వెనక నిలబడి, సీసపు అద్దంలోంచి పేషెంటును చూస్తూ నొక్కాలి. ఆ వెనక ఏప్రాన్ అవసరం లేదు. ఏప్రాన్ వేసుకుని బారియర్ బయటికి తొంగి చూస్తే ముఖం మొత్తం స్కాటర్‌కి ఇచ్చినట్టే.

మనం డ్యూటీలో పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జ్ రేడియేషన్‌ను ఆపదు, తగిలినదాన్ని లెక్కపెడుతుంది. మన దేశంలో దాన్ని ఛాతీ మీద, ఏప్రాన్ లోపల పెట్టుకోవాలి. పైన పెడితే ఏప్రాన్ ఆపినదంతా కూడా మీ ఖాతాలోకే ఎక్కుతుంది. లోపల పెడితే ఒంటికి నిజంగా తగిలింది తెలుస్తుంది, ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్ట్‌ల పరిమితితో పోల్చాల్సింది దాన్నే. కళ్ల డోసు మాత్రం ఆ అంకెలో కనిపించదు.

నేను ఇదివరకు పనిచేసిన ఒకచోట, మూడు నెలల రిపోర్టులో ఒకతని అంకె అందరికంటే చాలా ఎక్కువగా వచ్చింది. భార్య నిండు నెలల్లో ఉంది, తన ఒంటికి ఏమైందోనని అతనికి ఒకటే టెన్షన్. అదే షిఫ్టు, అవే కేసులు చేసిన మిగతా ఇద్దరికీ దాదాపు సున్నా. ఆరా తీస్తే, డ్యూటీ దిగాక బ్యాడ్జ్‌ను ఏప్రాన్‌కే ఉంచేసి వెళ్లేవాడు. ఆ ఏప్రాన్ తగిలించే కొక్కెం, ఛాతీ ఎక్స్‌రేకి పేషెంటును నిలబెట్టే చెస్ట్ స్టాండు పక్కన గోడకు ఉంది. అతను ఇంట్లో నిద్రపోతున్నా బ్యాడ్జ్ నైట్ డ్యూటీ చేసింది. ఆ తర్వాత, ఎవరూ పెట్టుకోకుండా పోలిక కోసం రేడియేషన్‌కు దూరంగా ఉంచే కంట్రోల్ బ్యాడ్జ్ ఉన్న ఆఫీసు గదిలోనే అందరి బ్యాడ్జ్‌లకూ ఒక బోర్డు పెట్టించాం. తర్వాతి రిపోర్టులో అతని అంకె మిగతావాళ్లతో కలిసిపోయింది.