ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌కి పేస్టా, ప్యాడా? ప్యాకెట్ మీది అంకెను ఎంతవరకు నమ్మాలి

మే నెల మధ్యాహ్నం భీమవరంలో ఫ్యాన్ కింద కూర్చున్నా చెమట ఆరదు. అలాంటి రోజున ఉండి ఊరి వైపు నుంచి ఒక ఇంజనీరింగ్ కుర్రాడు ల్యాప్‌టాప్ సంచీతో మా రిపేరు షాపుకి వచ్చాడు. యూట్యూబ్‌లో చూసి తనే విప్పుకున్నాడట. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు గీకేసి, ఆన్‌లైన్‌లో తెప్పించిన థర్మల్ ప్యాడ్ ముక్క పెట్టాడు. అప్పట్నుంచి గేమ్ తెరిస్తే చాలు, పది నిమిషాల్లో నత్తనడక.

"అన్నయ్య గారండీ, ప్యాకెట్ మీద 12 అని ఉందండి. పాత పేస్టు 6 అట. రెండింతలు చల్లగా ఉండాలి కదండీ?"

వాడి లెక్క తప్పని అనలేను. ప్యాకెట్ వాడికి చెప్పింది అదే. చెప్పనిది ఏమిటో విప్పి చూపిస్తాను.

ల్యాప్‌టాప్ హీట్‌సింక్ తీస్తే మధ్యలో అద్దంలా మెరిసే చిన్న పలక కనబడుతుంది. అదే డై, అసలు వేడి పుట్టే చోటు. డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కి ఉన్నట్టు దీని మీద లోహపు టోపీ లాంటి మూత ఉండదు. రాగిపలక నేరుగా దీని మీదే కూర్చుంటుంది. రెండూ నున్నగా కనిపిస్తాయి గానీ వాటి మధ్య కంటికి కనబడని సందులుంటాయి. ఆ సందుల్లో గాలి చిక్కుకుంటే వేడి అక్కడే ఆగిపోతుంది. పేస్టయినా ప్యాడయినా చేసే పని ఒక్కటే, ఆ గాలిని తరిమేసి దాని చోట్లో కూర్చోవడం.

ప్యాకెట్ మీద W/mK అని రాసేది ఆ పదార్థం వేడిని ఎంత సులువుగా సాగనిస్తుందో చెప్పే అంకె. కానీ ల్యాప్‌టాప్‌లో ఎన్ని డిగ్రీలు తగ్గుతాయన్నది ఆ అంకె ఒక్కదానితో తేలదు. పొర మందాన్ని ఆ అంకెతో భాగించాలి. ఆత్రేయపురం పూతరేకుకీ మనింట్లో దిబ్బరొట్టెకీ ఎంత తేడా ఉందో, పేస్టు పొరకీ ప్యాడ్ పొరకీ అంత తేడా ఉంది. స్క్రూలు బిగించాక పేస్టు పొర దాదాపు 30 మైక్రాన్లకి, అంటే వెంట్రుకలో సగం మందానికి దిగుతుంది. కుర్రాడు పెట్టిన ప్యాడ్ 1 మిల్లీమీటరు. నొక్కుకున్నాక వెర్నియర్‌తో కొలిస్తే ముప్పాతిక మిల్లీమీటరు ఉంది. ఇరవై అయిదు రెట్ల మందం!

లెక్క ఇదీ. పొరకి అటూ ఇటూ వచ్చే డిగ్రీల తేడా ΔT, వాట్లు P, మందం L, డై వైశాల్యం A, ప్యాకెట్ మీది అంకె k.

```
ΔT = P × L / (k × A)
```

వాడి డై సుమారు 150 చదరపు మిల్లీమీటర్లు. ప్రాసెసర్ 30 వాట్లు లాగుతోందనుకుందాం. 6 అంకె ఉన్న పేస్టు 30 మైక్రాన్ల పొరగా ఉంటే దాని వల్ల పెరిగే వేడి 1 డిగ్రీ. అదే పొర 12 అంకె ఉన్న ఖరీదైన పేస్టుతో అయితే అర డిగ్రీ. డబ్బు రెట్టింపు పోసి సంపాదించింది అర డిగ్రీ! ఇప్పుడు వాడి ప్యాడ్ చూడండి. అంకె నిజంగా 12 అనే నమ్మినా, ముప్పాతిక మిల్లీమీటరుకి 12.5 డిగ్రీలు పెరుగుతుంది. 6 వాడి ఒక్క డిగ్రీ ఎక్కడ, 12 వాడి పన్నెండున్నర ఎక్కడ?

ఇది ప్యాకెట్‌ని పూర్తిగా నమ్మితే వచ్చిన లెక్క. షాపులో కొలిచింది ఇంకా ఘోరం.

కొలిచేటప్పుడు చాలామంది ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తారు. అక్కడే మోసపోతారు. వేడెక్కిన ప్రాసెసర్ తనంతట తానే వాట్లు తగ్గించేసుకుంటుంది కాబట్టి మంచి పొరకీ చెడ్డ పొరకీ ఒకే 95 డిగ్రీలు కనబడొచ్చు. HWiNFO64 అనే ప్రోగ్రాం తెరిచి `CPU Package` ఉష్ణోగ్రతతో పాటు `CPU Package Power` కూడా రాసుకోవాలి, గది వేడి కూడా రాసుకోవాలి. ఆ రోజు షాపులో 34 డిగ్రీలుంది. ల్యాప్‌టాప్ ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతుండగా పావుగంట లోడు పెట్టాం. ప్యాడ్‌తో 97 డిగ్రీల దగ్గర నిలబడి, వాట్లు 17కి పడిపోయాయి. ప్యాడ్ తీసి మామూలు పేస్టు పూసి మళ్ళీ అంతే సేపు నడిపితే 86 డిగ్రీలు, 28 వాట్లు.

డిగ్రీల్లో చూస్తే తేడా పదకొండే. కానీ గది వేడి తీసేసి వాట్లతో భాగిస్తే, ప్యాడ్‌తో ఒక్కో వాటుకి 3.7 డిగ్రీలు ఎక్కుతోంది, పేస్టుతో 1.86. ఆ రెంటి మధ్య 1.85 దాకా ఉన్నది దాదాపుగా ప్యాడ్ పాపమే. దాన్ని పై లెక్కలో వెనక్కి తిప్పి పెడితే k సుమారు 2.7 వస్తుంది. 12 అని రాసుకున్న వస్తువు వాడి ల్యాప్‌టాప్‌లో మూడు కూడా ఇవ్వలేదు.

మరి ఆ 12 పచ్చి అబద్ధమా? కొన్ని ప్యాకెట్ల మీద అబద్ధమే ఉంటుంది, పేరూ ఊరూ లేనివాటిలో మరీ ఎక్కువ. కానీ అబద్ధం ఆడకుండానే పెద్ద అంకె రాసే దారి ఒకటుంది. ఈ అంకె కొలవడానికి ASTM D5470 అనే పద్ధతి ఉంది. పదార్థాన్ని రెండు లోహపు దిమ్మెల మధ్య పెట్టి నొక్కి, వేర్వేరు మందాల్లో అది వేడిని ఎంత అడ్డుకుంటోందో చూసి గీత గీస్తారు. ఆ గీత వాలు నుంచి వచ్చేది పదార్థం అంకె. మందం సున్నా చేసినా మిగిలిపోయే అడ్డు ఒకటి ఉంటుంది. అది ప్యాడ్ చర్మానికీ లోహానికీ మధ్య సరిగ్గా అతుక్కోని చోటు వల్ల వచ్చేది. ప్యాకెట్ మీద మొదటిది వేస్తారు, రెండోది వెయ్యరు. పైగా ల్యాబ్‌లో నొక్కినంత గట్టిగా ల్యాప్‌టాప్‌లోని నాలుగు చిన్న స్ప్రింగు స్క్రూలు నొక్కలేవు. గట్టి ప్యాడ్‌కి ఈ రెండో నష్టం ఇంకా ఎక్కువ. పెద్ద అంకె కోసం లోపల వేడిని సాగనిచ్చే పొడి ఎక్కువ దట్టించే కొద్దీ ప్యాడ్ గట్టిపడుతుంది, అదో చిక్కు.

అందుకని కంపెనీ డేటాషీట్ దొరికితే నేను మొదట చూసేది థర్మల్ ఇంపీడెన్స్ అనే వరస. అందులో మందం, అంటుకోవడం రెండూ కలిసే ఉంటాయి, ఎంత ఒత్తిడి దగ్గర కొలిచారో పక్కనే రాసుంటుంది. తక్కువ ఉంటే మంచిది. ఒకరు చదరపు సెంటీమీటరుకి, ఇంకొకరు చదరపు అంగుళానికి ఇస్తారు. అంగుళం లెక్కని 6.45తో గుణిస్తే గానీ రెండూ పక్కపక్కన పెట్టకూడదు. ఆ వరసే లేని సరుకైతే పెద్ద అంకెని పక్కన పెట్టెయ్యండి.

గ్రాఫైట్ ప్యాడ్ల సంగతి వేరే. వాటి మీద ఇంకా పెద్ద అంకెలు కనబడతాయి. తాటి దూలం నార వెంట తేలిగ్గా చీలుతుంది, అడ్డంగా చీలదు. గ్రాఫైట్‌లో వేడి కూడా అంతే, రేకు వెంబడి పరుగెడుతుంది, రేకుని దాటి అవతలికి పోవాలంటే బద్ధకిస్తుంది. మనకి కావలసింది దాటడం. పరిగెత్తే వైపు అంకె రాసేసినవి కొన్ని చూశాను. పైగా అది కరెంటుని కూడా పారిస్తుంది. డై చుట్టూ ఉన్న చిన్న కెపాసిటర్ల మీద అంచు వాలితే బోర్డుకే ఎసరు.

అలాగని పేస్టుకి వంకలు లేవా అంటే ఉన్నాయి. పల్చటి పేస్టు డెస్క్‌టాప్ మీద ఏళ్ళ తరబడి బాగుంటుంది గానీ ల్యాప్‌టాప్ డై మీద కొన్ని నెలలకే పక్కకి జరిగిపోతుంది. వేడెక్కినప్పుడు డై, రాగి వేర్వేరుగా సాగుతాయి. చల్లారితే ముడుచుకుంటాయి. ఆ కదలిక ప్రతిసారీ పేస్టుని కొంచెం కొంచెం అంచులకి తోసేస్తుంది. హీట్‌సింక్ ఎత్తి చూస్తే మధ్యలో డై బోసిగా మెరుస్తూ, చుట్టూ గట్టు కట్టినట్టు పేస్టు కనబడుతుంది. ఎండిపోవడం వేరు, ఇది వేరు. కొత్తలో బ్రహ్మాండంగా ఉండి నాలుగు నెలలకి మళ్ళీ వేడెక్కుతోందంటే అనుమానం ఇక్కడే. అందుకే ల్యాప్‌టాప్‌కి అంకె రెండు తక్కువైనా సరే, చిక్కటి పేస్టే వాడతాను. డై చిన్నది కాబట్టి కందిగింజంత చాలు, ప్లాస్టిక్ ముక్కతో నాలుగు మూలలకీ పల్చగా పరుస్తాను.

ఈ రెంటికీ మధ్యలో మూడోది ఉంది, ఫేజ్ చేంజ్ షీటు. అమ్మేవాళ్ళు దీన్నీ ప్యాడ్ అనే అంటారు, అందుకే జనం తికమకపడతారు. హనీవెల్ పీటీఎం 7950 ఈ రకమే. చేత్తో పట్టుకుంటే పావు మిల్లీమీటరు రేకు, 45 డిగ్రీలు దాటితే మెత్తబడి పేస్టులా పల్చగా పరుచుకుంటుంది, చల్లారితే మళ్ళీ బిగుసుకుంటుంది. పక్కకి జరిగిపోయే జబ్బు దీనికి బాగా తక్కువ. వేసిన మొదటి గంటలో చూసి నిరుత్సాహపడకూడదు. అయిదారు సార్లు వేడెక్కి చల్లారాక గానీ అసలు స్థాయికి దిగదు. మన ఎండల్లో పార్సెల్ వ్యానులో మగ్గి వస్తే పైన అంటించిన ప్లాస్టిక్ పొర ఊడిరాదు. పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే శుభ్రంగా ఊడుతుంది. నకిలీలు విపరీతం, దొరికిన చోటల్లా కొనకండి.

నా ఓటు అడిగితే, నికరమైన షీటు దొరికితే ప్రాసెసర్‌కి అదే, లేకపోతే చిక్కటి పేస్టు. కుర్రాడు పెట్టినలాంటి సిలికోన్ ప్యాడ్ మాత్రం డై మీద ఎప్పుడూ వద్దు. ప్యాడ్ చోటు పక్కన ఉండే మెమరీ చిప్పులు, పవర్ భాగాలు. అక్కడ హీట్‌సింక్‌కీ చిప్‌కీ మధ్య నిజంగానే ఖాళీ ఉంటుంది, పేస్టు దాన్ని నింపలేదు. కంపెనీ ఎంత మందం పెట్టిందో అంతే పెట్టాలి. అర మిల్లీమీటరు ప్యాడ్ చోట ఒక మిల్లీమీటరుది పెడితే హీట్‌సింక్ ఆ వైపు లేచిపోయి, డై మీద పేస్టు పొర మందమైపోతుంది. బిగించి, విప్పి, రాగి మీద పేస్టు అచ్చు చూస్తే తెలిసిపోతుంది. ఒక పక్క పల్చగా, ఇంకో పక్క దళసరిగా పడితే ప్యాడే దోషి.

అసలు ఇవన్నీ చూసే ముందు ఫ్యాను చూడండి. రైసు మిల్లు పక్కన ఉండేవాళ్ళ ల్యాప్‌టాప్ విప్పితే రెక్కల వెనక తవుడు అట్ట కట్టి ఉంటుంది. దాన్ని దులపకుండా ఏ పేస్టు పూసినా ఒకటే.

కుర్రాడికి షీటు దొరికేదాకా పేస్టుతోనే పంపాను. మిగిలిన ప్యాడ్ ముక్క పారెయ్యబోతుంటే "డబ్బులు పెట్టానండీ" అన్నాడు. వెనక మూతకీ ఎస్‌ఎస్‌డీకీ మధ్య ఖాళీ ముప్పాతిక మిల్లీమీటరు ఉంది. కత్తెరతో కోసి అక్కడ అంటించాను. అక్కడ వాట్లు తక్కువ, ఆ 2.7 చాలు.